కుక్క వాంతి, క్లోరైడ్ లెక్క

వేసవి వస్తే పశువైద్యులకు మామిడి టెంక కేసులు తప్పవు. చీకి పారేసిన టెంక తియ్యగా, జారుడుగా ఉంటుంది. లాబ్రడార్ లాంటి తిండిపోతు దాన్ని నమలకుండానే మింగేస్తుంది. టెంక కడుపులో అరగదు. జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి దారితీసే ఇరుకు ద్వారాన్ని పైలోరస్ అంటారు. టెంక అక్కడ అడ్డం పడిందంటే ఆ కుక్క తిన్నదీ తాగినదీ అంతా పైకే వస్తుంది.

ఇలాంటి కేసులు ఎలా ఉంటాయో చూపడానికి ఒకటి తీసుకుందాం. నాలుగేళ్ల మగ లాబ్రడార్, 28 కిలోలు. మూడు రోజులుగా వాంతులు. మొదటి రోజు తిన్న అన్నం వచ్చింది, తర్వాత నీళ్లు తాగిన అరగంటకల్లా నీళ్లే వచ్చాయి. విరేచనాలు లేవు. చిగుళ్లు జిగటగా ఉన్నాయి, మెడ మీద చర్మం పట్టుకుని లాగి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. యజమానురాలు "టెంక ఏమీ తినలేదండీ డాక్టర్ గారూ, మేం చెత్తబుట్ట మూసే ఉంచుతాం" అంటారు. డాక్టరు ఆ మాటను కాదనరు, అలాగని నమ్మి కూర్చోరు. ఎక్స్‌రేకి పంపుతూనే సిర నుంచి కాస్త రక్తం తీసి బ్లడ్ గ్యాస్ యంత్రంలో పెడతారు.

పేరు వింటే ఊపిరితిత్తుల పరీక్షలా ఉంటుంది గానీ, వాంతుల కేసులో దీని అసలు ఉపయోగం వేరు. రక్తంలో ఆమ్లం, క్షారం ఎటు మొగ్గాయో, ఎందుకు మొగ్గాయో ఇది చెబుతుంది. ఆక్సిజన్ సంగతి తెలియాలంటే ధమని రక్తం కావాలి. ఆమ్లక్షారాల లెక్కకు సిర రక్తం చాలు. తీసే పద్ధతిలో మాత్రం జాగ్రత్త అవసరం. సిరంజిలో గాలిబుడగ ఉండిపోతే కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు చూపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ద్రవం సిరంజిలో ఎక్కువగా మిగిలితే రక్తం పలచబడి బైకార్బొనేట్, కాల్షియం అంకెలు తప్పుగా పడిపోతాయి. తీసిన రక్తాన్ని బల్ల మీద వదిలేస్తే అందులోని కణాలు బతికే ఉంటాయి కాబట్టి చక్కెరను తింటూ లాక్టేట్‌ను వదులుతాయి, పీహెచ్ దిగుతుంది. అందుకే తీసిన కొద్ది నిమిషాల్లోనే యంత్రంలో పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. ఈ యంత్రాలు చాలావరకు మనుషుల ఆస్పత్రుల కోసం తయారైనవే. ఏది ఎక్కువో ఏది తక్కువో అవి వేసే గుర్తులు మనిషి కొలతల ప్రకారం ఉండవచ్చు. మనిషికి సోడియం 138 ఉంటే ఏ లోటూ లేనట్టు. కుక్కకు అది 140 నుంచి 154 మధ్య ఉండాలి, కాబట్టి 138 అంటే తగ్గినట్టే. క్లోరైడ్ విషయంలో తేడా ఇంకా పెద్దది. కుక్కకు దాదాపు 105 నుంచి 115 ఉండాలి, మనిషికి 100 చాలు. యంత్రం ఎర్రగుర్తు వేయలేదు కదా అని ఊరుకుంటే మొదటి ఆధారం అక్కడే చేజారుతుంది.

మన లాబ్రడార్ కాగితం ఇలా వచ్చింది: పీహెచ్ 7.50, కార్బన్ డయాక్సైడ్ పీడనం 48, బైకార్బొనేట్ 37, సోడియం 138, పొటాషియం 2.7, క్లోరైడ్ 82, లాక్టేట్ 3.6.

మొదట పీహెచ్. కుక్క రక్తానికి ఇది 7.35 నుంచి 7.45 దాకా ఉంటుంది. 7.50 అంటే రక్తం క్షారం వైపు మొగ్గింది. తర్వాతి ప్రశ్న, దీనికి కారణం ఊపిరా, ఒంట్లోని రసాయనమా? వేగంగా ఊపిరి తీసే కుక్క కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేస్తుంది, అప్పుడూ పీహెచ్ పెరుగుతుంది. కానీ అలాంటప్పుడు ఆ పీడనం తగ్గాలి. ఇక్కడ సుమారు 40 ఉండాల్సింది 48 ఉంది. అంటే తప్పు ఊపిరిది కాదు. బైకార్బొనేట్ 22 దగ్గర ఉండాల్సింది 37కి ఎక్కింది. దీన్నే మెటబాలిక్ ఆల్కలోసిస్ అంటారు.

కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరిగింది? రక్తంలో క్షారం ఎక్కువైందని గ్రహించి మెదడు ఊపిరిని నెమ్మది చేస్తుంది. లోపల నిలిచిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లంలా పనిచేసి పీహెచ్‌ను కొంత కిందికి లాగుతుంది. ఈ సర్దుబాటు ఎంత ఉండాలో కుక్కలకు ఒక లెక్క ఉంది: బైకార్బొనేట్ ఒక పాయింటు పెరిగితే కార్బన్ డయాక్సైడ్ పీడనం 0.7 పెరగాలి. ఇక్కడ బైకార్బొనేట్ 15 పెరిగింది, కాబట్టి పీడనం పదీపదకొండు పెరిగి 50 దగ్గర ఉండాలి. 48 ఉంది. రెండు మూడు పాయింట్ల తేడా లెక్కలోకి రాదు. ఊపిరితిత్తులు తమ పని తాము చేస్తున్నాయి, వాటికి వేరే జబ్బేమీ లేదు. ఇదే పీడనం 62 వచ్చి ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిందేమోనని ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించాల్సి వచ్చేది.

ఇక్కడి దాకా ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. నా దృష్టిలో అసలు కథ క్లోరైడ్‌ది.

జీర్ణాశయం గోడలోని కణాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఒక్కో హైడ్రోజన్ అయాన్‌ను కడుపులోకి వదిలినప్పుడల్లా ఒక బైకార్బొనేట్‌ను వెనక నుంచి రక్తంలోకి పంపుతాయి. తిన్న ప్రతిసారీ ఇది జరుగుతుంది, అయినా మనకు గానీ కుక్కకు గానీ ఏమీ కాదు. ఎందుకంటే ఆ ఆమ్లం ఆంత్రమూలంలోకి దిగగానే క్లోమం మేలుకుని దాన్ని విరిచేందుకు బైకార్బొనేట్‌ను పేగులోకి వదులుతుంది. ఆ పనిలో సరిగ్గా అంత ఆమ్లాన్నీ తిరిగి రక్తంలోకి చేరుస్తుంది. జమా ఖర్చూ సమానం. పైలోరస్ దగ్గర టెంక అడ్డం పడినప్పుడు ఆమ్లం ఆంత్రమూలం దాకా వెళ్లదు, నేల మీద పడుతుంది. క్లోమానికి కబురే అందదు. రక్తంలో జమ అయిన బైకార్బొనేట్ జమగానే మిగిలిపోతుంది. వాంతితో హైడ్రోజన్ మాత్రమే కాదు, దానికి జోడుగా క్లోరైడ్ కూడా పోయింది.

మూత్రపిండాలు ఎందుకు ఊరుకున్నాయి అనే ప్రశ్న ఇక్కడ రావాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు బైకార్బొనేట్ ఎక్కించినా కిడ్నీలు గంటల్లో మూత్రంలోకి వదిలేస్తాయి. కానీ ఈ కుక్క మూడు రోజులుగా నీళ్లు కోల్పోయింది. ఒంట్లో నీరు నిలబెట్టాలంటే కిడ్నీ సోడియాన్ని వెనక్కి లాగాలి. సోడియం ఒంటరిగా రాదు, దానితోపాటు ఒక ఋణ అయాన్ రావాలి. మామూలుగా ఆ జోడు క్లోరైడే. క్లోరైడ్ వాంతిలో పోయింది కాబట్టి దొరికిన బైకార్బొనేట్‌నే కిడ్నీ వెంటబెట్టుకుని వస్తుంది. పైగా అది బైకార్బొనేట్‌ను మూత్రంలోకి నెట్టాలన్నా బదులుగా ఒక క్లోరైడ్‌ను లోపలికి తీసుకోవాలి, అదీ లేదు. నీరు తగ్గినప్పుడు ఊరే ఆల్డోస్టిరాన్ హార్మోను సోడియం కోసం పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. పొటాషియం కూడా అడుగంటాక హైడ్రోజన్‌ను పంపడం మొదలుపెడుతుంది.

దాని ఫలితం చూడటానికి విచిత్రంగా ఉంటుంది. రక్తం క్షారంగా ఉన్న కుక్క మూత్రంలో కాగితపు పట్టీ ముంచితే ఆమ్లం చూపిస్తుంది. ఒంట్లో ఆమ్లానికి కరువు, మూత్రంలో ఆమ్లం పోతూ ఉంటుంది. ఈ వైరుధ్యం కనిపించిందంటే కిడ్నీ చెడిపోయిందని కాదు, నీరు, క్లోరైడ్, పొటాషియం మూడూ తగ్గి అది ఇరుక్కుపోయిందని. మూత్రంలో క్లోరైడ్ కొలిస్తే దాదాపు ఏమీ ఉండదు.

ఇప్పుడు కాగితంలోని క్లోరైడ్ 82ని చూద్దాం. ఇందులో ఎంత భాగం నిజంగా పోయింది, ఎంత భాగం నీరు ఎక్కువై పలచబడటం వల్ల తగ్గినట్టు కనిపిస్తోంది? చారులో నీళ్లు ఎక్కువైతే ఉప్పూ పులుపూ రెండూ కలిసి చప్పబడతాయి. పులుపు ఒక్కటే తగ్గిందంటే ఎవరో చింతపండు తగ్గించారన్నమాట. సోడియాన్ని తోడు పెట్టుకుని చేసే లెక్క ఇదే. వచ్చిన క్లోరైడ్‌ను 146తో గుణించి, వచ్చిన సోడియంతో భాగించాలి. 82 × 146 ÷ 138 అంటే దాదాపు 87. సరిచేశాక కూడా 110 దగ్గర ఉండాల్సింది 87 ఉంది. నీటి వంక చెప్పి తప్పించుకోలేని లోటు 23. సోడియం అంతగా తగ్గకుండా క్లోరైడ్ ఒక్కటే ఇలా కుప్పకూలిందంటే, పీహెచ్ చూడకముందే, కడుపులోని ఆమ్లం పోతోందని చెప్పవచ్చు.

క్లోరైడ్ లోటు 23 అయితే బైకార్బొనేట్ పెరిగింది 15 మాత్రమేనేం? మిగతా తేడాలో కొంత ఆమ్లం తినేసింది. లాక్టేట్ 3.6 అంటే కుక్కకు ఉండాల్సిన 2.5 కంటే ఎక్కువ. నీరసించిన రక్తప్రసరణ వల్ల కణాలు లాక్టిక్ ఆమ్లం చేస్తున్నాయి. అంటే ఈ కుక్కలో ఆల్కలోసిస్‌తోపాటు చిన్న పాటి ఎసిడోసిస్ కూడా దాక్కుని ఉంది.

ఇదే పెద్దదైతే ఏమవుతుందో చూడండి. అదే కుక్కను ఇంకో రెండు రోజులు ఆలస్యంగా, షాక్‌లో తెచ్చారనుకుందాం. కాగితంలో పీహెచ్ 7.39, కార్బన్ డయాక్సైడ్ 40, బైకార్బొనేట్ 24. మూడూ బాగున్నాయి. తొందరపడి చూసేవాళ్లు అంతా మామూలే అనేస్తారు. కానీ సోడియం 138, పొటాషియం 3, క్లోరైడ్ 84, లాక్టేట్ 8. ఆమ్లం ఒకవైపు, క్షారం ఇంకోవైపు అంతే బలంగా లాగుతుంటే పీహెచ్ మధ్యలో నిలబడింది. దీన్ని పట్టుకునే లెక్కను ఆనయాన్ గ్యాప్ అంటారు: సోడియం, పొటాషియం కలిపి, అందులోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేయడం. 141లోంచి 108 పోతే 33. కుక్కకు ఇది 24 దాటకూడదు. పీహెచ్ బాగున్న ఈ కుక్క మొదటి కుక్క కంటే చావుకు దగ్గరగా ఉంది.

వాంతి అనగానే ఆల్కలోసిస్ అనుకోవడం పొరపాటని కూడా చెప్పాలి. చాలా వాంతుల్లో పిత్తం కలిసిన పసుపు నీరు వస్తుంది. అంటే జీర్ణాశయపు ఆమ్లంతోపాటు ఆంత్రమూలంలోని క్షారం కూడా బయటికి పోతోంది. రెండూ పోతే పీహెచ్ ఎటూ కదలదు. దానికి విరేచనాలు, నీరు తగ్గడం తోడైతే ఎసిడోసిస్సే వస్తుంది. పార్వో వచ్చిన పిల్లల్లో, కిడ్నీలు పాడైన ముసలి కుక్కల్లో, ముదిరిన మధుమేహంలో వాంతులు విపరీతంగా ఉన్నా రక్తం ఎక్కువగా ఆమ్లం వైపే మొగ్గుతుంది. వీటన్నిటిలోకీ తప్పిపోకూడనిది అడిసన్ వ్యాధి. అడ్రినల్ గ్రంథి మూలపడి ఆల్డోస్టిరాన్ ఊరక, సోడియం పడిపోయి పొటాషియం పెరుగుతుంది. సోడియం 128, పొటాషియం 7 ఉండి, పీహెచ్ తక్కువగా ఉన్న కుక్క వాంతులు చేసుకుంటుంటే అది టెంక కేసు కాకపోవచ్చు. ఆ పొటాషియంతో గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు.

అటు ఆల్కలోసిస్ వచ్చిందంటే టెంక పైలోరస్ దగ్గరే ఉందని తీర్పు చెప్పడమూ తగదు. పేగుల్లో వస్తువులు ఇరుక్కున్న 138 కుక్కలను పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు సగం కుక్కలకు క్లోరైడ్ తక్కువగా ఉంది, 45 శాతానికి మెటబాలిక్ ఆల్కలోసిస్ ఉంది. ఆ వస్తువు పైన ఇరుక్కుందా, పేగులో కింద ఇరుక్కుందా అన్నదానికీ ఈ అంకెలకూ మాత్రం పొంతన కనిపించలేదు. పేగు కదలిక ఆగిపోయినా కడుపులో ఆమ్లం పేరుకుని వాంతిలోనే పోతుంది కాబట్టి ఇది అంత ఆశ్చర్యమేమీ కాదు. అంకెలు అడ్డంకి ఉండవచ్చని చెబుతాయి. ఎక్కడ ఉందో చూపించేవి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. ఆ మాటకొస్తే మామిడి టెంక ఎక్స్‌రేలో ఎముకంత స్పష్టంగా కనిపించదు, అల్ట్రాసౌండ్ వాడాల్సిన సందర్భాలు ఎక్కువే.

అడ్డంకి అంటే మింగిన వస్తువే అవ్వాలని లేదు. ముక్కు చప్పిడి జాతులైన బాక్సర్, బాస్టన్ టెరియర్, బుల్‌డాగ్‌లలో పుట్టుకతోనే పైలోరస్ ఇరుకుగా ఉండవచ్చు. షిహ్ ట్జు, లాసా ఆప్సో లాంటి చిన్న కుక్కల్లో వయసు వచ్చాక అక్కడి లోపలి పొర దళసరి అవుతుంది. ముసలి కుక్కల్లో గడ్డలు. ఇవన్నీ ఒకే రకం కాగితం రాయిస్తాయి.

అసలు కడుపుతో సంబంధమే లేని కారణాలూ ఉన్నాయి. గుండె జబ్బుకి ఫ్యూరోసెమైడ్ మాత్ర వాడే కుక్కలో మూత్రం ద్వారా క్లోరైడ్, పొటాషియం పోయి ఇలాంటి అంకెలే వస్తాయి. అందుకే ఏ మందులు వాడుతున్నారన్న ప్రశ్న పరీక్ష కంటే ముందు అడగాలి. ఎవరైనా బైకార్బొనేట్ ఎక్కించి ఉన్నా అంతే. వీటికి భిన్నంగా, ఆల్డోస్టిరాన్‌ను లేక కార్టిసాల్‌ను గ్రంథి మితిమీరి వదిలే జబ్బుల్లో తేలికపాటి ఆల్కలోసిస్ వస్తుంది. ఇవి అరుదు. ఇక్కడ క్లోరైడ్ ఎక్కించినా బాగుపడదు, మూత్రంలో క్లోరైడ్ పుష్కలంగా ఉంటుంది. వాంతి వల్ల వచ్చినదాన్నీ దీన్నీ విడదీసే తేలికైన గుర్తు అదే.

మన లాబ్రడార్‌కి చికిత్స కారణంలోంచే పుడుతుంది. పోయింది ఉప్పునీరు, పొటాషియం. కాబట్టి ఇవ్వాల్సిందీ అదే. 0.9 శాతం సెలైన్‌లో సోడియం, క్లోరైడ్ చెరి 154 ఉంటాయి. కుక్క రక్తంలోని క్లోరైడ్ కంటే ఎంతో ఎక్కువ. మరో చోట చాలా పనికివచ్చే రింగర్ లాక్టేట్ ఇక్కడ రెండో ఎంపిక, ఎందుకంటే అందులోని లాక్టేట్‌ను కాలేయం బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది, ఇప్పటికే ఎక్కువగా ఉన్నది అదే కదా. ఎనిమిది శాతం నీరు తగ్గిందని అంచనా వేస్తే 28 కిలోలకు లోటు రెండున్నర లీటర్లకు కాస్త తక్కువ. పొటాషియం 2.7 ఉన్న కుక్కకు లీటరు సెలైన్‌లో 40 మిల్లీ ఈక్వివాలెంట్ల పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిలోకి గంటకి 0.5 దాటి వెళ్లకూడదు. ఈ కుక్కకి గంటకి 14 అన్నమాట, అంటే ఆ సీసా గంటకి 350 మిల్లీలీటర్లకు మించి పారకూడదు. షాక్‌లో ఉన్న కుక్కకు ముందు వేగంగా ఎక్కించే సెలైన్‌లో పొటాషియం కలపరు. కలిపిన సీసాను బాగా తిప్పి కలియబెట్టాలి, లేకపోతే అడుగున చేరిన పొటాషియం ఒక్కసారిగా వెళ్లి గుండెను ఆపుతుంది.

పన్నెండు గంటల తర్వాత మళ్లీ తీసిన రక్తం: పీహెచ్ 7.44, బైకార్బొనేట్ 27, క్లోరైడ్ 101, పొటాషియం 3.5. ఆమ్లం ఇవ్వలేదు, కిడ్నీకి మందు ఇవ్వలేదు. కావాల్సిన క్లోరైడ్, నీరు దొరకగానే కిడ్నీ తన దగ్గర దాచిన బైకార్బొనేట్‌ను తానే వదిలేసింది. ఇప్పుడు మత్తు ఇవ్వడం అంత ప్రమాదం కాదు. పొటాషియం 2.7 ఉన్నప్పుడు మత్తు ఇచ్చి ఉంటే గుండె లయ తప్పే భయం ఉండేది. అలాగని అంకెలు అందంగా వచ్చేదాకా రోజులతరబడి ఆపరేషన్ వాయిదా వేయరు. అడ్డంకి ఉన్నంతకాలం ఒకవైపు ఎక్కిస్తుంటే మరోవైపు పోతూనే ఉంటుంది. పేగు చిరిగితే లెక్కలన్నీ మారిపోతాయి. ఈలోగా ఆమ్లం ఊరడం తగ్గించే పాంటోప్రజోల్ ఇస్తారు. వాంతి ఆపే ఇంజెక్షన్ విషయంలో తొందరపడరు, అడ్డంకి ఉందో లేదో తేలకముందే వాంతి ఆగితే జబ్బు తగ్గిందని భ్రమపడే అవకాశం ఉంది.

కుక్క రెండుసార్లకు మించి వాంతి చేసుకుని, తాగిన నీళ్లు కూడా నిలవకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో వంటసోడా నీళ్లు పట్టించవద్దు. వెళ్లేటప్పుడు వాంతి ఫొటో, వాడే మందుల పట్టీలు వెంట ఉంచుకోండి. వచ్చినది తెల్లగా ఉందా, పసుపుగా ఉందా చెప్పండి. ఇంట్లో కనబడకుండా పోయిన సాక్సు, బంతి, పళ్లెంలోంచి మాయమైన టెంక ఏదైనా ఉంటే అది ముందే చెప్పండి.